402 లోంచి 178: ఆకుపచ్చ బట్ట ముందు నా మూడు నిమిషాల పాఠం

402 లోంచి 178 తీసేయమంటే మా నాలుగో తరగతిలో సగం మంది పలకల మీద 376 కనిపిస్తుంది. వాళ్లు ఎక్కాలు మర్చిపోయి రాసింది కాదు. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీసేస్తారు, ఆరు. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి సున్నా తీసేస్తారు, ఏడు. నాలుగులోంచి ఒకటి, మూడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడమే తీసివేత అని వాళ్ల లెక్క. మధ్యలో సున్నా వచ్చిందంటే అప్పు ఎవరినడగాలో తెలియక ఈ అడ్డదారి పడతారు.

చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఈ సంగతి చెబితే, అక్కడున్న పెద్దసారు ఒకాయన, "మేడం, దీన్నొక చిన్న వీడియోగా చేసి పెట్టండి, మిగతా టీచర్లందరం చూస్తాం" అన్నారు. సరేనన్నాను. మూడు నిమిషాల వీడియో, రెండు గంటల పని అనుకున్నాను. అనంతపురం ఎండలో మొదలుపెట్టి, ఆషాఢం గాలి లేచేదాకా సాగింది.

నల్లబల్ల ముందు నిలబడి తీస్తే సరిపోయేది కదా అని మీరు అడగొచ్చు. మొదట అలాగే తీశాం. బల్ల మీద రాసేటప్పుడు నా వీపే కనిపించింది, పుల్లల కట్టలు చూపిస్తే అవి అరచేతిలో పిసరంత. పుల్లలు తెరనిండా కనిపించాలి, నేను పక్కన నిలబడి మాట్లాడాలి. ఇంటర్ చదివే మా అబ్బాయి, "గ్రీన్ స్క్రీన్ పెడదాం అమ్మా" అన్నాడు. అంటే ఆకుపచ్చ బట్ట ముందు నిలబడి మాట్లాడితే, తర్వాత యాప్‌లో ఆ పచ్చదనాన్ని తీసేసి, ఆ చోట మనకు కావలసిన బొమ్మ పెట్టడం. పచ్చరంగే ఎందుకంటే మన ఒంటి రంగులో పచ్చదనం తక్కువ. పైగా కెమెరా సెన్సర్లో ఎరుపుకూ నీలానికీ ఒక్కో గడి ఉంటే ఆకుపచ్చకు రెండుంటాయి, అందుకని ఆ రంగు అంచులు దానికి బాగా తెలుస్తాయి.

పాతూరులో బట్టల అంగడికి వెళ్లి, మెరవని పచ్చ పాప్లిన్ మూడు మీటర్లు కొన్నాను. అంగడాయన శాటిన్ చూపిస్తూ, "ఇది నిగనిగలాడుతుంది మేడం" అన్నాడు. ఆ నిగనిగే మనకు పనికిరాదు. మెరిసిన చోట తెల్లమచ్చ పడుతుంది, ఆ మచ్చను యాప్ పచ్చ అనుకోదు. పాప్లిన్ పన్నా మూడున్నర అడుగులకు కాస్త ఎక్కువ. దాన్ని నిలువుగా వేలాడదీస్తే చెయ్యి చాపినప్పుడు బయటికి పోతుంది. రెండు ముక్కలు కలిపి కుడితే కుట్టు గీత కనిపిస్తుంది. అందుకని అడ్డంగా కట్టాం. నడుము పైనుంచే తీస్తున్నాం కాబట్టి ఎత్తు మూడున్నర అడుగులు చాలింది, పక్కలకు మూడు మీటర్లు దొరికింది. బట్ట తెర మొత్తం నిండక్కర్లేదని ఇక్కడే తెలిసింది. మనిషీ, మనిషి చెయ్యి చాపినంత మేరా బట్ట ఉంటే చాలు, మిగతా గోడనూ బీరువానూ యాప్‌లో కత్తిరించేయొచ్చు.

బొమ్మల కోసం రెండు కొబ్బరి చీపుళ్లు విప్పి 402 పుల్లలు లెక్కపెట్టాం. వంద పుల్లల కట్టలు నాలుగు, విడిగా రెండు పుల్లలు. నేల మీద నల్లగుడ్డ పరిచి, సుద్దముక్కతో మూడు గళ్లు గీసి, ఫోన్‌ను పైన స్టూలుకు కట్టాం. ఒక ఫొటో తీశాక ఒక వందల కట్ట తీసేసి, దాని బదులు పది పదుల కట్టలు మధ్యగడిలో పెట్టి ఇంకోటి తీశాం. కష్టమంతా ఎక్కడంటే, ఈ రెండు ఫొటోల మధ్య ఫోన్ వెంట్రుకంత కూడా కదలకూడదు. కదిలితే బొమ్మ మారినప్పుడు అన్ని కట్టలూ ఒక్కసారి జరిగినట్టు కనిపిస్తాయి, చూసేవాళ్లకు ఏది మారిందో తెలియదు. కదలకపోతే మారిన కట్ట ఒక్కటే కళ్లకు తగులుతుంది. బటన్ నొక్కితేనే ఫోన్ ఊగుతోందని మూడు సెకన్ల టైమర్ పెట్టుకున్నాం.

ఇంతవరకూ బాగానే ఉంది. నేను తప్పు చేసింది రాతలో.

మొదటి స్క్రిప్టు మామూలు పాఠంలా రాసుకున్నాను. పేరా మొదట్లో "ఇక్కడ పుల్లల బొమ్మ వస్తుంది" అని బ్రాకెట్లో పెట్టాను. మా అబ్బాయి అది చూసి పేరా మొదలవగానే బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మలో మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు పుల్లలు, అంటే విప్పడాలన్నీ అయిపోయాక మిగిలేది ఉంది. నేనింకా "పదుల స్థానం ఖాళీగా ఉంది కదా, ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతున్నాను. వెనక జవాబు తెరనిండా నిలబడి ఉంది. మా పక్క తరగతి టీచరమ్మకు చూపిస్తే ఆమె నా మాట వినడం మానేసి ఆ పుల్లలు లెక్కపెట్టుకుంటోంది. "తొమ్మిది ఎట్లొచ్చాయి?" అని నన్నే అడిగింది. తప్పు ఆమెది కాదు. ముందున్నది చదువుకుంటారు ఎవరైనా.

సరే, వాక్యం చివర పెడదామన్నాం. "వందల కట్ట ఒకటి విప్పితే పది పదుల కట్టలొస్తాయి" అని నేను పూర్తి చేశాక బొమ్మ మారింది. ఈసారి ఆలస్యం. విప్పాను అని నేనంటున్నా కట్ట ఇంకా కట్టగానే ఉంది. చూసేవాళ్లు రెండు క్షణాలు పాత బొమ్మలో కొత్త మాట వెతుక్కుంటారు.

నాలుగుసార్లు వెనక్కీ ముందుకూ జరిపి చూశాక అర్థమైంది. తెలుగు వాక్యంలో పని జరిగే మాట మధ్యలో ఉంటుంది. విప్పితే, తీసి, వేస్తే, ఇట్లాంటివి. ఫలితం చెప్పే క్రియ చివర ఉంటుంది. బొమ్మ మారాల్సింది ఆ మధ్య మాట దగ్గర. అప్పుడు వాక్యంలో మిగిలిన సగం, "పది పదుల కట్టలొస్తాయి" అన్నది, కంటి ముందున్న బొమ్మనే వర్ణిస్తుంది. కాబట్టి గుర్తు పెట్టాల్సింది పేరాకూ కాదు, వాక్యానికీ కాదు, ఒక్క మాటకు.

అప్పుడు పొడవు నోటుబుక్కులో పేజీ మధ్యకు గీత కొట్టి, ఎడమన నేను అనేది, కుడిన వెనక కనిపించేది రాసుకున్నాను. ఎడమ వైపు ఏ మాట దగ్గర బొమ్మ మారాలో ఆ మాట ముందు అంకె. నేను ఎక్కడ నోరు మూసుకోవాలో అది కూడా. అందులో నడుమ ముక్క ఇది:

"ఇదిగో మన (3) నాలుగు వందల రెండు. ఒకట్ల స్థానంలో రెండే పుల్లలు. ఎనిమిది తీయాలి, చాలవు. పక్కన పదుల స్థానం చూస్తే (4) ఖాళీ. [ఆగు, 2 లెక్కపెట్టు] అందుకని వందల కట్ట ఒకటి (5) విప్పితే పది పదుల కట్టలొస్తాయి. [ఆగు, 3] ఆ పదిలో ఒకటి (6) విప్పి ఒకట్లలో వేస్తే పన్నెండవుతాయి. [ఆగు, 3] ఇప్పుడు (7) ఎనిమిది తీసేద్దాం."

కుడి వైపు:

బొమ్మ 3: గళ్లలో 4, 0, 2.
బొమ్మ 4: అదే, మధ్యగడి చుట్టూ ఎర్ర గీత.
బొమ్మ 5: 3, 10, 2.
బొమ్మ 6: 3, 9, 12.
బొమ్మ 7: 3, 9, 4. తీసేసిన ఎనిమిది పుల్లలు కింద.

ఒక అంకెకు ఒక్క మార్పే. ఐదులో వంద విప్పడం, ఆరులో పది విప్పడం. నా మొదటి స్క్రిప్టులో ఈ రెండూ ఒకే బొమ్మ. పిల్లలు తడబడేది సరిగ్గా ఈ రెంటి మధ్యే, తొమ్మిది పుట్టేదీ అక్కడే. దాన్నే నేను మింగేశాను. వీడియో కోసం బొమ్మలు విడగొడితే తప్ప, పదిహేనేళ్లుగా బల్ల మీద కూడా అలాగే మింగేస్తున్నానని తట్టలేదు.

ఆగు అని రాసుకున్నది కూడా ఊరికే కాదు. తరగతిలో మనం ఆగితే పిల్లల మొహాలు చూసి ఆగుతాం. కెమెరా ముందు ఏ మొహమూ ఉండదు, గాభరాగా మాట్లాడేస్తాం. నా మొదటి టేకులో అంతా కలిపి ఒక నిమిషం యాభై సెకన్లకే అయిపోయింది. కట్ట విప్పిన బొమ్మ వచ్చాక కనీసం మూడు అంకెలు లోపల లెక్కపెట్టుకుంటే, పది కట్టలు చూసేవాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవడానికి సమయం దొరుకుతుంది. ఎడిటింగ్‌లో ఎక్కువైన మౌనాన్ని కోయొచ్చు. లేని మౌనాన్ని తెచ్చి పెట్టలేం. పెడితే నా బొమ్మ స్తంభించిపోయి, నోరు తెరుచుకుని నిలబడ్డట్టు ఉంటుంది. అదీ చేసి చూశాం.

తర్వాతి చిక్కు చెయ్యి. వెనక బొమ్మ నాకు కనిపించదు, నా వెనక ఉన్నది ఉత్త పచ్చబట్ట. కనిపించని గడిని చూపించాలి. రిహార్సల్‌లో సెల్ఫీ కెమెరా పెట్టుకుని, తెర మీద నన్ను నేను చూసుకుంటూ చెయ్యి చాపాను. అంతా బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. దాన్నే యాప్‌లో వేసి, పక్క తరగతి టీచరమ్మకు మళ్లీ చూపించాను. ఆమె కాసేపు చూసి, "అక్కా, పవిట కుడిభుజం మీద వేసుకున్నావేం?" అంది. వీడియో అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి రికార్డయింది. కొన్ని ఫోన్లు సెల్ఫీని తిప్పి దాస్తాయి, కొన్ని మామూలుగా దాస్తాయి. మనం చూసుకునేటప్పుడు మాత్రం తిరగబడే కనిపిస్తుంది. చీర కట్టుకున్నవాళ్లకు పవిటే గుర్తు, చొక్కా అయితే జేబు చూసుకోవాలి. ఆ రోజు నుంచి వెనక కెమెరాతోనే తీశాం.

నిలబడే వైపు కూడా అప్పుడే ఖాయం చేసుకున్నాం. చూసేవాళ్లకు కుడివైపు చివర నేను, మిగతా రెండొంతులు పుల్లలకు. అలా నిలబడితే బొమ్మ నా కుడిచేతి వైపు వస్తుంది, నాకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఒకట్ల గడి. తీసివేత మొదలయ్యేది అక్కడినుంచే కాబట్టి చెయ్యి దగ్గరనుంచి దూరానికి పోతుంది. ఎడమవైపు నిలబడి ఉంటే మొదటి అడుగులోనే వందలనూ పదులనూ దాటి చెయ్యి చాపాల్సి వచ్చేది. ఇక ఎంత దూరం చాపాలనే దానికి, ఫ్రేముకు బయట, నా కుడిపక్కన కుర్చీ వీపుకు మూడు కాగితాలు వరసగా అంటించాడు మా వాడు: ఒ, ప, వ. వేలు ఎత్తేముందు కళ్లు ఆ కాగితం మీదికి పోతే చాలు. చూసేవాళ్లకు నేను గడినే చూస్తున్నట్టుంటుంది. స్క్రిప్టులో కూడా అంకె పక్కన "కుడిచెయ్యి, ప" అని రాసుకున్నాను. వందల గడిదాకా చెయ్యి అందదు, అక్కడ చూపు ఒక్కటే.

అసలు షూటింగ్ వరండాలో పెట్టుకున్నాం. నీడ సమంగా ఉంటుందని మొదట సంతోషించాను. ఆషాఢంలో మా వైపు గాలి గురించి చెప్పనక్కర్లేదు, గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. బట్ట తెరచాపలా ఊగింది, ఊగినప్పుడల్లా మడతలో నీడ, నీడలో పచ్చ నల్లబడి తెరమీద పురుగుల్లా మచ్చలు. కింద అంచుకు పొడవాటి కట్టె దోపి ఇటుకలు కట్టినా ఆగలేదు. గదిలోకి మారాం. బట్టను ముందురోజే ఇస్త్రీ చేసి, నాలుగు వైపులా లాగి మేకులకు కట్టాం.

గదిలో మొదట బట్టకు ఒక అడుగు దూరంలో నిలబడ్డాను. జుట్టు అంచుల్లో, చెవుల దగ్గర పచ్చని జీర. అది బట్ట మీద పడిన వెలుగు తిరిగి నా మీద పడడం వల్ల. పైగా నా నీడ బట్ట మీద. ఐదడుగులు ముందుకొస్తే రెండూ పోయాయి. బట్టకు విడిగా రెండు వైపులా ట్యూబులైట్లు, నాకు కిటికీ వెలుగు. ఫోన్‌లో నా మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే వెలుతురు లాక్ అవుతుంది. లాక్ చేయకపోతే నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా పచ్చరంగు కొంచెం మారుతుంది, యాప్ తడబడుతుంది.

చీర విషయంలో జాగ్రత్తగానే ఉన్నాను. అంచులో కూడా పచ్చ లేకుండా మెరూన్ రంగు ధర్మవరం చీర వెతికి కట్టుకున్నాను. మంచి టేకు వచ్చింది. ఇంటికెళ్లి కైన్‌మాస్టర్ యాప్‌లో పుల్లల ఫొటోలు కింద వరసలో పెట్టి, నా వీడియోను లేయర్‌గా పైన వేసి, పచ్చరంగును తీసేసే క్రోమా కీ ఆన్ చేశాం. పచ్చదనం ఎంత తీసేయాలో జరుపుతూ ఉంటే మా అబ్బాయి నవ్వడం మొదలుపెట్టాడు. నా అరచెయ్యి గాల్లో ఉంది. మణికట్టు లేదు. మణికట్టు ఉండాల్సిన చోట చీపురుపుల్లలు.

పచ్చగాజులు. డజను మట్టిగాజులు, రోజూ ఉండేవే, అందుకే కంటికి ఆనలేదు. పాఠం మొత్తం ఆ చేత్తోనే చూపిస్తున్నాను. మీట కాస్త వెనక్కి జరిపితే గాజులు వచ్చాయి, వాటితోపాటు బట్ట మీది మడతలూ వచ్చాయి. రెండూ ఒకే రంగు, యాప్‌కు తేడా తెలిసే దారి లేదు. మళ్లీ తీయాల్సిందే. మర్నాడు ఎర్రగాజులు వేసుకుని తీశాం. ఇప్పుడు స్క్రిప్టు మొదటి పేజీ పైన "గాజులు" అని ఉంటుంది.

ఎడిటింగ్‌లో నోటుబుక్కు పనికొచ్చింది. మా అబ్బాయికి పాఠంతో పని లేకుండా, మాట వినడం, అంకె చూడడం, బొమ్మ మార్చడం. ఒక్క సవరణ చేసుకున్నాం. కొత్త బొమ్మ అయితే మాటకు అర సెకను ముందు మారితే బాగుంది, ఎందుకంటే దాన్ని కన్ను పట్టుకోవడానికి కాస్త సమయం కావాలి. ఉన్న బొమ్మ మీద ఎర్ర గీత లాంటిదైతే సరిగ్గా మాట మీదే రావాలి, ముందే వస్తే ఎందుకొచ్చిందో తెలియదు. "ఖాళీ" అన్న మాటా ఎర్ర గీతా ఒకేసారి పడినప్పుడు మా వాడు కూడా, "ఇది బాగుందమ్మా" అన్నాడు.

సమావేశంలో పెద్ద ప్యానెల్ మీద వేశాం. రెండు నిమిషాల యాభై సెకన్లు. 224 వచ్చాక, 178తో కలిపితే 402 వస్తుందని చూపించి ఆపేశాను. టీచర్లు బాగుందన్నారు. పెద్దసారు మాత్రం మొదటి ముక్క మళ్లీ వేయించారు. "మేడం, 376 మీ వెనక ఎంతసేపుంది చూశారా? ఇరవై సెకన్లు. మేము టీచర్లం సరే, కానీ ఇది రేపు తరగతిలోనే వేస్తాం. వెనక బెంచీ పిల్లవాడు మాట వినడు, తెర మీదున్నది రాసుకుంటాడు."

నిజమే. నేను టీచర్లతో మాట్లాడుతున్నాననే అనుకున్నాను కానీ బొమ్మ ఎవరు చూస్తారో నా చేతిలో లేదు. అదృష్టం ఏంటంటే దీనికి నేను మళ్లీ చీర కట్టుకోనక్కర్లేదు. మనిషి వేరు, బొమ్మ వేరు కాబట్టి వెనకది మాత్రం మార్చుకోవచ్చు. "కానీ ఈ జవాబుకు 178 కలిపి చూడండి, 554 వస్తుంది" అని నేను అప్పటికే అన్నాను. ఆ "కానీ" ముందు అంకె వేసి, 376 మీద ఎర్రగా కొట్టివేత, "554" దగ్గర ఇంకో అంకె వేసి 376 మాయం. పది నిమిషాల పని.

వాట్సాప్‌లో పంపితే మాత్రం గళ్లలో పుల్లలు ముద్దయిపోయి వచ్చాయి. వీడియోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపాం, అప్పుడు పన్నెండు పుల్లలూ విడివిడిగా కనిపించాయి.